నా రెండు డోసులు, భాభీ పేరు

మా ఇంట్లో ఏ కాగితం తీసినా దాని మీద ఒకటే ఫోన్ నంబరు ఉంటుంది. అది అమ్మీది. రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, బ్యాంకు పాసుబుక్కు, మా భాయ్ దుకాణం లైసెన్సు, చివరికి నా విడాకుల కాగితాల మీద కూడా ఆ నంబరే. భాయ్ ఎక్కడ ఆఫర్ ఉంటే ఆ సిమ్ము వేస్తాడు. నేను రెండు ఫోన్లు పోగొట్టుకున్నదాన్ని. గద్వాలలో మా ఇంట్లో గూట్లో, గుడ్డ సంచీలో పడుకునే అమ్మీ బటన్ల ఫోన్ మాత్రం ఏళ్లుగా మారలేదు. అందుకని ఎవరైనా "ఫోన్ నంబర్ చెప్పమ్మా" అంటే మా ఇంట్లో ఎవరి నోటికైనా ముందు వచ్చేది ఆ పది అంకెలే.

కరోనా టీకా వేయించుకున్న రోజు కూడా నేను అదే చెప్పాను. అప్పటికి నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉప్పునుంతలలో కాంట్రాక్టు టీచర్ని, తెలుగు చెబుతాను. "తురకామెకు తెలుగేంది" అని మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత పిల్లల లీవు లెటర్లు నాతో రాయించుకున్నారు. టీచర్లందరినీ దవాఖానకు పిలిచి టీకా వేశారు. ఆధార్ కార్డు చూపించాను, అమ్మీ నంబరు చెప్పాను. ఎనభై నాలుగు రోజులు దాటాక వెళ్లి రెండోది కూడా వేయించుకున్నాను. రెండు డోసులకూ నాకు జ్వరం వచ్చింది. రెండోసారి మూడు రోజులు మంచం దిగలేదు. ఆ జ్వరం సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ టీకా నా ఒంట్లోకే వెళ్లిందనడానికి నా దగ్గర మిగిలిన రుజువు అదొక్కటే.

అమ్మీ మక్కాకు, ఉమ్రా యాత్రకు పోతానన్నది ఆ తర్వాతి చలికాలంలో. మా అమ్మీ ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. అబ్బా పోయినప్పుడు కూడా ఒక మూలన కూర్చుని తస్బీ తిప్పుకుందే తప్ప ఒకరి మీద భారం వేయలేదు. అలాంటిది ఒకరోజు భాయ్‌ని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. మేం ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడతాం. ఇక్కడ తెలుగులోకే తెచ్చి రాస్తున్నాను.

"కండ్లు బాగున్నప్పుడే కాబాను చూసి రావాలె బేటా. మోకాళ్లు పోతున్నయ్. రంజాన్ కన్నా ముందే తీసుకపోండ్రి. బిడ్డ లేంది నేను పోను. స్నానమంటే, నమాజుకు ముందు కాళ్లు చేతులు కడిగే వజూ అంటే నాకు బిడ్డే చేయించాలె. నువ్వు మొగపోరగానివి, ఆడోళ్ల తాన్కి రాలేవు."

భాయ్ సరేనన్నాడు. నా వయసు ఆడది మగతోడు లేకుండా వెళ్లడానికి లేదు, అన్నో తమ్ముడో అయితే చెల్లుతుంది. అమ్మీకి నేను, నాకు భాయ్, ముగ్గురం వెళ్లడానికి నిర్ణయమైపోయింది. నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు దాచుకోవాల్సిన పని లేదు. మొగుడు వదిలేసిన ఆడదానికి పెళ్లిళ్లలో వెనక వరుస, పండుగల్లో వంటింటి గడప, ఇంతే కదా మన దగ్గర. అలాంటి నన్ను ఎవరో అంత దూరం నుంచి పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. స్కూలు నుంచి గదికి వస్తూ దారంతా యాత్రికులు చదివే తల్బియా చదువుకునేదాన్ని.

భాయ్ భార్య, మా భాభీ, రానన్నది. రాను అనడానికి ముందే రాలేని పని చేసుకుంది. టీకా వేసేవాళ్లు మా గల్లీకి వచ్చినప్పుడల్లా మిద్దెక్కి నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేది. సూది అంటే భయం, దాని మీద వాట్సాప్‌లో వచ్చిన కథలంటే ఇంకా భయం. మేమంతా నవ్వాం. నేనైతే "భాభీ, ఆ ట్యాంకుకు కూడా ఒక డోసు వేయించండి" అని ఎగతాళి చేశాను. అదంతా అప్పుడు నవ్వులాట.

మా ఏజెంటు వనపర్తిలో ఉంటాడు. చెప్పుల దుకాణం మీద చిన్న గది, గోడకు మదీనా ఫొటో, బల్ల మీద పాస్‌పోర్టుల దొంతర. మంచివాడే. మా ముగ్గురి పాస్‌పోర్టులు, టీకా సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు.

"భాయ్‌ది ఓకే. అమ్మది పేరు తేడా ఉన్నది. ఆపా, నీది పేరు తేడా, పుట్టిన సాలు గూడ తేడా. పాస్‌పోర్ట్ల ఎట్ల ఉంటే అట్లనే ఉండాలె. అక్షరం గూడ అటీటు కావొద్దు. గిట్లనే పెడితే వీసా రాదు."

తప్పు దవాఖానవాళ్లది కాదు. ఆధార్‌లో ఉన్నదే వాళ్లు ఎక్కించారు. మా ఆధార్లు తీసిన రోజు వరుసలో నిలబడి మా నానీ, అమ్మీ వాళ్లమ్మ, చెప్పిన పేర్లు, నానీ వేసిన లెక్కలు అవి. నన్ను ఇంట్లో పిలిచే పేరు చెప్పింది, పదో తరగతి మెమో మీదున్న పేరు కాదు. వయసు ఎంతంటే "పెద్ద వాన పడిన సాలు పుట్టింది" అన్నది. రాసుకునేవాడు ఏదో ఒక సంవత్సరం వేసుకున్నాడు. పాస్‌పోర్టేమో మెమో చూసి ఇచ్చారు. ఏజెంటు తన కంప్యూటర్లోనే టీకాల పోర్టల్ తెరిచి చూపించాడు. దాన్లో సర్టిఫికెట్ సరిచేసుకునే చోటు ఉంది. పేరు, పుట్టిన సంవత్సరం, ఆడా మగా, గుర్తింపు కార్డు నంబరు, వీటిలో ఏవైనా రెండు మార్చుకోవచ్చు. కానీ ఒక్కసారే. ఆ తర్వాత ఆ తలుపు మూసుకుంటుంది. పాస్‌పోర్టు నంబరు కలుపుకోవడం వేరే పని, పేరు సరైనాక చేసుకునేది.

"ఒక్కసారే ఛాన్స్ ఆపా. తప్పు కొడితే ఇగ జిల్లా ఆఫీసుల సుట్టు తిరుగుడే" అన్నాడు.

పోర్టల్‌లోకి పోవాలంటే అమ్మీ నంబరు కొట్టాలి, అమ్మీ ఫోనుకు ఆరంకెల ఓటీపీ వస్తుంది, అది మూడు నిమిషాల్లో వేయాలి. అమ్మీ గద్వాలలో, నేను వనపర్తిలో. ఫోన్ చేసి, మెసేజ్ తెరిచి అంకెలు చదవమన్నాను. కాల్లో ఉండగా మెసేజ్ చూడటం అమ్మీకి రాదు. ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే, "దేఖ్ బేటీ, ఛే, చార్... ఆగు, అద్దాలు పెట్టుకోనీ" అన్నది. మూడు నిమిషాలు అయిపోయాయి. మూడోసారి గాని ఆరంకెలూ బయటికి రాలేదు. ఏజెంటు, నేను, చాయ్ తెచ్చినాయన అందరం చప్పట్లు కొట్టాం. అమ్మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం చూసి కొట్టి పంపాం. కొన్నాళ్లకు కొత్త సర్టిఫికెట్ వచ్చింది, తప్పు లేకుండా.

ఆ రోజే నాదీ చేసేసి ఉంటే ఈ కథ లేదు. చేయలేదు. తొందరపడ్డానా అంటే, కాదు, అతి జాగ్రత్త పడ్డాను. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి వేరువేరుగా ఉన్నాయి. పోర్టల్లో ఒకటే గడి. ముందు ఏది రాయాలి? ఒక్కసారే ఛాన్స్ అన్నమాట నా చెవిలో గింగురుమంటోంది. ఏజెంటు హైదరాబాదులో తన పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. మళ్లీ ఆదివారం వచ్చి చేయించుకుంటానని లేచాను.

ఆ సాయంత్రం భాయ్ ఫోన్ చేశాడు. సంగతి చెప్పాను.

"నువ్వెందుకు పరేషాన్ అయితవ్? ఉప్పునుంతల నుంచి వనపర్తికి బస్సులు వట్టుకొని తిరుగుతవా? ఫోన్ గద్వాల్లనే ఉన్నదాయె. ఈడ నెట్ సెంటర్ల నేను చేపిస్త. పేరెట్లనో ఏజెంట్‌ను అడిగి రాపిస్త. నీ స్కూల్ నువ్వు జూస్కో."

చెల్లెలికి సెలవు పెట్టించని అన్న ఎవరికి చేదు? నా మీద ఇంత ఆలోచన పెట్టాడే అని కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. ఆ నీళ్లు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని పిల్లలకు సామెతల పాఠం చెప్పేదాన్ని, అర్థం అప్పటిదాకా నాకే తెలియదు.

వారం పోయాక అడిగాను. "సర్వర్ డౌన్ ఉన్నది" అన్నాడు. ఇంకో నాలుగు రోజులకు, "పెట్టిన. ప్రాసెస్‌ల ఉన్నదట" అన్నాడు. ఆ తర్వాత అడిగితే, "జర ఓపిక వట్టు, నువ్వొక్కదానివేనా దేశంల?" అని విసుక్కున్నాడు. అమ్మీకి చేస్తే ఆమె ఎప్పుడూ మోకాళ్ల గురించే మాట్లాడేది. నేను సర్టిఫికెట్ మాటెత్తగానే, "భాయ్ చూస్తుండు గదా" అని ఫోన్ పెట్టేసేది. పెద్దదైపోయింది, ఈ గోల ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఏజెంటు కాగితాలు పంపే రోజు దగ్గరపడింది. ఇక ఉండబట్టలేక సెలవు పెట్టి వనపర్తికి వెళ్లాను. అతను నన్ను చూసి నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"ఆపా, ఈసారికి నసీబ్ లేదు, ఏం జేస్తం. నీది కాలేదట గదా. మీ భాయ్ చెప్పిండు. భాభీది మాత్రం వచ్చింది, మంచిగ మ్యాచ్ అయింది. ఇంక పాస్‌పోర్ట్ నంబర్ ఒక్కటి కలపాలె."

"భాభీది ఏం వచ్చింది?" అన్నాను.

"సర్టిఫికెట్. నీ జాగల భాభీ పోతుంది గద?"

మొదట నాకు నవ్వొచ్చింది. భాభీకి సర్టిఫికెట్ ఎక్కడిది? నీళ్ల ట్యాంకు ఇచ్చిందా? "ఏదీ, చూడనీ" అన్నాను. ఫైలు నా ముందు పెట్టాడు. పైన భాభీ పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే. భాభీ వయసు. కింద రెండు డోసుల తారీఖులు. నేను జ్వరంతో పడుకున్న రెండు తారీఖులు. టీకా వేసిన చోటు ఉప్పునుంతల, జిల్లా నాగర్‌కర్నూల్. భాభీ జన్మలో ఉప్పునుంతల చూడలేదు. వేసిన ఆమె పేరు, మా దవాఖానలో నాకు వేసిన ఏఎన్ఎం పేరే. గుర్తింపు కార్డు నంబరులో ముందువన్నీ చుక్కలు పెట్టి చివరి నాలుగంకెలు చూపిస్తారు. ఆ నాలుగంకెలు నా ఆధార్‌వి.

మార్చుకోనిచ్చేది రెండే. పేరు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ మార్చారు. మిగతాదంతా నేనే.

నేను కేకలేశానని ఏజెంటు తర్వాత చెప్పాడు. నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒకటే, అతను కుర్చీ వెనక్కి జరిపి, "తోబా తోబా, నాకు తెల్వదు ఆపా, ఖురాన్ మీద ఒట్టు" అనడం. అతని కంప్యూటర్లోనే అమ్మీ నంబరు కొట్టి చూద్దామనుకున్నాను. ఓటీపీ అమ్మీకి పోతుందని గుర్తొచ్చి చేయి ఆపుకున్నాను. అప్పుడైనా నా బుర్రకు తట్టాలి. తట్టలేదు. అమ్మీని ఇప్పుడే కంగారు పెట్టడమెందుకని ఆమె మీద జాలిపడ్డాను.

మర్నాడు ఉప్పునుంతల దవాఖానకు వెళ్లాను. ఏఎన్ఎం నన్ను గుర్తుపట్టింది. రాత రిజిస్టరు తీసి చూపించింది, నా పేరు, నా సంతకం, రెండుసార్లూ ఉన్నాయి. పోర్టల్లో మాత్రం ఆ లెక్క కింద భాభీ ఉంది. "మళ్లా కొత్తగ రాసుకోరాదమ్మా" అని అడిగాను.

"అదే ఆధార్ పెడితే తీస్కోదు టీచరమ్మా, ఆల్రెడీ ఉన్నదంటది. సవరించే ఛాన్స్ గూడ అయిపాయె. నాగర్‌కర్నూల్ పోయి సార్‌ను కలువు" అంది. డాక్టరుతో ఒక కాగితం కూడా రాయించి ఇచ్చింది, నాకు ఈ తారీఖుల్లో రెండు డోసులూ వేసినట్టు.

నాగర్‌కర్నూల్‌లో జిల్లా టీకాల అధికారి కాగితం చదివి, నా మొహం చూసి, కూర్చోమన్నాడు.

"ఇది తప్పు పడ్డది కాదమ్మా. తప్పయితే మేం పైకి రాసి దిద్దిపిస్తం. ఇది ఒకరు కావాలని చేసిన పని. ఫోన్ ఎవలది?"

"మా అమ్మది సార్."

"అయితే ఇంట్లోల్లే. నువ్వు రాతపూర్వకంగ ఇయ్యి. ఎంక్వైరీ పెడ్తం. ఆ సర్టిఫికెట్ రద్దయితది, నీ పేరు నీకొస్తది. కాని టైమ్ వడ్తది. ఆమె ప్రయాణం ఆగుతది. వేరేవాళ్ల టీకా తన పేరు మీద రాయించుకున్నరంటే పోలీసుల దాకా గూడ పోవచ్చు. ఆలోచించుకొని రా."

నా ప్రయాణం ఎలాగూ అందదని ఆ మాటతో తెలిసిపోయింది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది వాళ్లది ఆపడం. వాళ్లది ఆగితే భాయ్ ఆగుతాడు. భాయ్ ఆగితే అమ్మీ ఆగుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారే, అదీ నా బతుకు. ఫిర్యాదు రాసి, సంతకం పెట్టకుండా మడిచి, బ్యాగులో పెట్టుకుని గద్వాల బస్సులు పట్టుకున్నాను. బీచుపల్లి దగ్గర బస్సు వంతెన ఎక్కినప్పుడు బస్సులో అందరూ అలవాటుగా ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటున్నారు. నా పక్కనున్న ముసలామె నా బురఖా చూసి కూడా, "దండం పెట్టుకో బిడ్డా, స్వామి అందరివీ ఇంటడు" అన్నది. నాకు ఎవరు విన్నా చాలనిపించింది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి భాభీ యాత్రలో కట్టుకునే తెల్లటి ఎహ్రామ్ గుడ్డలు కొలుస్తోంది. నన్ను చూసి లేచి వంటింట్లోకి పోయింది. భాయ్ దుకాణం నుంచి అన్నానికి వచ్చి ఉన్నాడు. సర్టిఫికెట్ కాపీ కంచం పక్కన పెట్టాను.

"ఇదేంది భాయ్?"

అన్నం కలుపుతూ చూశాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు, అదే నన్ను ఎక్కువ మండించింది.

"మల్ల ఏం జెయ్యమంటవ్? ఆమెకు ఇప్పుడు మొదటి డోస్ వేపిస్తే రెండోదానికి ఎనభై నాలుగు దినాలు. అప్పటికి రంజాన్ గూడ పోతది. నీది ఎట్లనో తప్పుగ ఉన్నది. దిద్దాలె గదా, దిద్దినం."

"నా పేరు దిద్దమంటే భాభీ పేరు రాస్తవా? నా చేతికి పొడిచిన సూది ఆమెదెట్లయితది?"

వంటింట్లోంచి భాభీ గొంతు వచ్చింది, మనిషి రాలేదు. "పెండ్లాన్ని ఇంట్ల కూసోవెట్టి, విడిచిపెట్టిన చెల్లెను ఎంటేసుకొని పోయిండని గల్లీ గల్లీ అనుకుంటుంది. నాకు ఇజ్జత్ లేదా? నేను పోకుంటే ఈయన గూడ పోడు. చెప్పిన, గల్లీల ఆ మాట ఇన్న దినమే చెప్పిన."

"ట్యాంక్ వెనక దాక్కున్నప్పుడు ఏమైంది నీ ఇజ్జత్?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయదగ్గవి కావు. పక్కింటివాళ్లు గోడ మీదికి వచ్చారు. నేను బ్యాగులోంచి ఫిర్యాదు తీసి ఊపాను. "సంతకం ఒక్కటే తక్కువ. పెట్టిన్నంటే పోలీసులొస్తరు ఇంటికి. నెట్ సెంటర్ల ఎవడు చేసిండు చెప్పు, వానిపేరు గూడ రాస్త."

భాయ్ అప్పుడు చేయి కడుక్కున్నాడు. "పెట్టు. పెట్టి అమ్మీకి చెప్పు, నీ ఉమ్రా నేను ఆపిన్నని."

అమ్మీ అంతసేపూ మంచం మీద కూర్చునే ఉంది. ఆమె వైపు తిరిగి, "చూసినవా అమ్మీ, నీ కొడుకు ఏం జేసిండో" అన్నాను. ఆమె నాకు న్యాయం చెబుతుందనే అనుకున్నాను. ఆమె తస్బీ ఆపి, నా వైపు కాకుండా తన మోకాళ్ల వైపు చూస్తూ అన్నది.

"నెంబర్లు నేనే చదివి చెప్పిన బేటీ."

వంటింట్లో భాభీ గిన్నెల చప్పుడు అవుతూనే ఉంది.

"పక్కన కూసొని అడిగిండు. దేనికని నేనడిగిన. చెప్పిండు. కోడలు రాకుంటే కొడుకు రాడు. కొడుకు రాకుంటే నన్నెవరు తీసుకపోతరు? నువ్వా? నీకు మర్దెవరున్నరు చెప్పు?" తస్బీ ఒళ్లో పెట్టుకుంది. "నాకు కాబా చూడాలెనని ఉండె బిడ్డా. అంతే ఉండె. నువ్వు ఇంక చిన్నదానివి, మల్ల పోతవనుకున్న."

అన్న చేసినదానికి తిట్లు దొరికాయి నాకు. అమ్మీ చేసినదానికి ఒక్క మాట దొరకలేదు. ఈ లోకంలో నాకంటూ ఎవరూ లేకపోయినా ఆమె ఉందనుకుని బతికినదాన్ని. మొగుడు తలాక్ అన్న రోజు కూడా ఇంత దిక్కు లేనిదాన్ని కాలేదు. ఫిర్యాదు కాగితం మళ్లీ మడిచాను. అమ్మీ నా చేయి పట్టుకోబోయింది, నేను ఇవ్వలేదు. నీళ్లు కూడా తాగకుండా ఆ బస్సులే పట్టుకుని తిరిగొచ్చాను.

సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నా తోటి టీచర్లు తిట్టారు. పెడితే ఆగేది భాభీ ఒక్కతే అయితే అక్కడికక్కడే పెట్టేదాన్ని, ఇందులో నా గొప్పతనమేమీ లేదు. అమ్మీ కళ్లు, అమ్మీ మోకాళ్లు నా పెన్ను పట్టుకున్నాయి. ఆమె నన్ను అమ్ముకున్నా నేను ఆమెను అమ్ముకోలేకపోయాను, దానికి కూడా నాకు కోపమే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. హజ్‌కో ఉమ్రాకో బయల్దేరేవాళ్లు ముందు ఇల్లిల్లూ తిరిగి అందరినీ మాఫీ అడగాలి. "కహా సునా మాఫ్ కరో" అంటారు, అన్నదీ విన్నదీ మన్నించండి అని. మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషి మన్నించనిదే అక్కడ ఎంత ఏడ్చినా లాభం లేదని మా నమ్మకం. ముగ్గురూ కారు మాట్లాడుకుని ఉప్పునుంతలకు వచ్చారు, బయల్దేరడానికి రెండు రోజుల ముందు. భాయ్ మెడలో అప్పుడే ఎవరో వేసిన పూలదండ. గుమ్మంలో నిలబడి, వంద ఇళ్లలో చెప్పిన గొంతుతోనే, "కహా సునా మాఫ్ కర్ దే" అన్నాడు.

"దేనికి?" అన్నాను.

"ఏముంటది, మాటా మాటా..."

"మాట కాదు. పేరు పెట్టి చెప్పు, దేనికో. చెప్తే చేస్త."

భాయ్ మెడలో దండ సర్దుకున్నాడు. భాభీ నేల చూసింది. గల్లీలో నా దగ్గర చదువుకునే పిల్లల తల్లులు బయటికి వచ్చి చూస్తున్నారు, టీచరమ్మ అన్నకు మాఫీ ఇవ్వలేదని. అతను కారు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను మాఫ్ చేయలేదు. ఇప్పటికీ చేయలేదు. పేరు పెట్టి అతను మళ్లీ అడగలేదు కూడా.

అమ్మీ మాత్రం లోపలికి వచ్చింది. నా మంచం మీద కూర్చుని, దుప్పట్టా కొంగు చేతుల్లోకి తీసుకుని, నా ముందు చాపింది. కన్నతల్లి కూతురి ముందు కొంగు చాపడం నేను ఎక్కడా చూడలేదు.

"నీ టీకా నెంబర్లు నేనే చెప్పిన. నీ జాగ నేనే ఇచ్చిన. తెలిసే ఇచ్చిన. నాకు మాఫ్ చెయ్యి" అన్నది. పేరు పెట్టి చెప్పింది. నేనడిగినట్టే చెప్పింది.

"చేసిన అమ్మీ" అన్నాను.

"దిల్ సే?"

"దిల్ సే."

నా రెండు చేతులూ ముద్దు పెట్టుకుని వెళ్లింది. వాళ్లు వెళ్లారు, వచ్చారు. అక్కడ అమ్మీకి వజూ ఎవరు చేయించారో, మోకాళ్లకు నూనె ఎవరు రాశారో నేను అడగలేదు. మక్కాలోని జంజం బావి నీళ్లు నా వాటా సీసాలో పంపింది, తాగాను. నాకు టీకా వేసినట్టు పోర్టల్లో ఈ రోజుకూ లేదు. జిల్లా అధికారి రమ్మన్నా మళ్లీ వెళ్లలేదు.

అమ్మీ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. నేను గద్వాల వెళ్లినప్పుడల్లా, తల దువ్వుతుంటేనో, మందులిస్తుంటేనో, ఉన్నట్టుండి అడుగుతుంది. "బేటీ, అప్పుడు దిల్ సేనే అన్నవ్ గదా? నా ఉమ్రా కబూలయింది గదా, అల్లా ఒప్పుకున్నడు గదా?"

అవును అమ్మీ అంటాను. ఆమె కళ్లు మూసుకుని అల్లాకు షుకర్ చెప్పుకుంటుంది. నేను దువ్వెన పక్కన పెట్టి జడ అల్లుతాను. ఆ రోజు అన్నది అబద్ధం. ఇప్పుడంటున్నదీ అబద్ధమే.